సంక్రాంతికి కడతానన్నావు, అప్పటికి పాలసీ ఉండదు బాబూ

బాబూ, నువ్వు పంపిన జీవిత బీమా బాండు ఫోటో చూశాను. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ధాన్యం డబ్బులతో రెండో వాయిదా కట్టేస్తానని మీ అమ్మతో చెప్పావట, అది విన్నాక టెన్షన్ పట్టుకుని ఇది రాస్తున్నాను.

నువ్వు డబ్బు కట్టింది ఆగస్టు 4న, ఆర్నెల్ల వాయిదా కాబట్టి మళ్లీ ఫిబ్రవరి 4న అనుకుంటున్నావు. అక్కడే తప్పు జరిగింది. బాండు మీద పాలసీ ప్రారంభ తేదీ 12-06-2025 అని ఉంది, చూడు. వయసు ఒక ఏడాది తక్కువ పడితే ప్రీమియం తగ్గుతుందని మీ ఏజెంటు తేదీ వెనక్కి వేయించాడు. అది తప్పేమీ కాదు, అదే ఆర్థిక సంవత్సరంలో అయితే అలా వేస్తారు, ఏళ్ల తరబడి కట్టే పాలసీలో ప్రీమియం తగ్గడం మంచిదే. కాకపోతే రక్షణ మాత్రం కంపెనీ ప్రపోజల్ ఒప్పుకున్న రోజు నుంచే, జూన్ నుంచి కాదు. వాయిదాలు మాత్రం జూన్ 12 నుంచే లెక్క. అంటే నీ డ్యూ డేట్ డిసెంబర్ 12.

డ్యూ దాటినా ఆర్నెల్ల వాయిదాకి 30 రోజుల గ్రేస్ ఉంటుంది, నెలనెలా కట్టేవాళ్లకి 15 రోజులే. చాలామంది దీన్ని నెల అంటారు, నెల కాదు, 30 రోజులు. డిసెంబర్ 13ని ఒకటో రోజుగా లెక్కపెట్టు, 31కి పంతొమ్మిది రోజులవుతాయి, జనవరి 11కి ముప్ఫై. నెల అని లెక్కేసుకున్నవాడు జనవరి 12న వెళ్తాడు, ఆ రోజుకి పాలసీ ల్యాప్స్. భోగి 14న. నువ్వు బస్సు దిగేసరికి పాలసీ పోయి మూడు రోజులవుతుంది.

పైగా 2026 జనవరి 11 ఆదివారం. ఆఖరి రోజు సెలవైతే మర్నాడు తీసుకునే పద్ధతి కొన్ని చోట్ల ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకు. అలాగే ఏజెంటు చేతిలో డబ్బు పెట్టిన రోజు నీది కాదు, కంపెనీ రశీదు మీద పడ్డ రోజే నీది.

గ్రేస్ రోజుల్లో ఏదైనా జరిగితే బాకీ పడ్డ వాయిదా పట్టుకుని మిగతా క్లెయిమ్ ఇస్తారు. గడువు దాటిన మర్నాడు జరిగితే, ఇలా ఒక్క వాయిదా మాత్రమే కట్టిన పాలసీ మీద ఏమీ రాదు. నేను ఏజెంటుగా తిరిగిన రోజుల్లో రాజాం దగ్గర ఒక ఇంట్లో ఇదే జరిగింది. నాలుగు రోజుల తేడా. ఆ ఇల్లాలు బాండు పట్టుకుని నా ముందు నిలబడితే నాకు నోట మాట రాలేదు. ఒకసారి గుర్తు చేసుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ల్యాప్స్ అయినా తిరిగి బతికించుకోవచ్చు, ఇలాంటి సాధారణ పాలసీకి ఐదేళ్ల గడువు ఉంటుంది. అయితే ఆ ఐదేళ్లు జనవరి నుంచి కాదు, కట్టని మొదటి వాయిదా తేదీ నుంచి, అంటే డిసెంబర్ 12 నుంచి. వడ్డీ కట్టాలి, ఆరోగ్యం బాగుందని రాసివ్వాలి, ఒక్కోసారి పరీక్షలు కూడా అడుగుతారు. ఈలోపు షుగరో బీపీయో బయటపడితే ఒప్పుకోకపోవచ్చు కూడా.

ఇంకో మాట. ఇంత చెప్పాక, నీకు ఈ పాలసీయే వద్దనిపిస్తే దానికీ దారి ఉంది, కానీ ఆ లెక్క వేరు. పాలసీ వెనక్కి ఇచ్చేసే ఆ గడువుని ఫ్రీ లుక్ అంటారు, అది పాలసీ ప్రారంభ తేదీ నుంచీ కాదు, డబ్బు కట్టిన రోజు నుంచీ కాదు, బాండు నీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజులు. మీ ఏజెంటు పదిహేను రోజులే అన్నాడంటే అది పాత లెక్క, 2024 రూల్స్‌లో కాగితం బాండుకైనా ముప్ఫై చేశారు. నీకు ఆగస్టు 18న అందింది, కాబట్టి సెప్టెంబర్ 17 వరకు టైముంది. ప్రారంభ తేదీ నుంచి లెక్కేస్తే జూలైలోనే అయిపోయిందని ఎవరైనా అంటారు, నమ్మకు. వద్దనుకుంటే బ్రాంచిలో లెటర్ ఇచ్చి, నీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకో. రక్షణ ఉన్న ఆ కొన్ని రోజులకి రిస్క్ ప్రీమియం, మెడికల్ పరీక్ష చేయించి ఉంటే ఆ ఖర్చు, స్టాంపు డ్యూటీ పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు.

నాకైతే పాలసీ బాగానే ఉంది, ఉంచుకో. డిసెంబర్ మొదటి వారంలోనే చెన్నై నుంచి ఆన్‌లైన్లో కట్టేయ్. చేతిలో లేకపోతే నాకు ఫోన్ చెయ్, నేను వేస్తాను, పండక్కి వచ్చినప్పుడు ఇద్దువు గానీ. బాండు వచ్చిన పోస్టు కవరు మాత్రం పారేయకు, దాని మీద తేదీ కనపడేలా ఒక ఫోటో తీసి పంపు.

మీ మావయ్య