కుంపటి గడప దాటకూడదు

చిన్నీ,

కొత్త ఇంట్లో బొగ్గుల కుంపటి మీద వంట మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. అన్నీ నీ చేత్తోనే అమర్చుకుంటున్నావని ముచ్చటేసింది. వంటగదికి ఉన్న ఒక్క కిటికీ వానకి మూసే ఉంటుందని విన్నాక మాత్రం రాత్రి కునుకు పట్టలేదు.

కుంపటి బయటే అంటించు, బయటే వండు. లోపల కట్టెల పొయ్యి తప్పదంటే పైకప్పు దాటే పొగగొట్టం పెట్టించు, అందులో పిట్టగూళ్ళు అడ్డంపడకుండా చూసుకో. బొగ్గుకి మాత్రం తెరిచిన కిటికీ చాలదు. పక్కన నీళ్ళ గిన్నె పెట్టినా ఏమీ ఒరగదు.

నేను చేసిన తప్పు విను. ఒక వానరాత్రి వంటయ్యాక కుంపట్లో నిప్పులు మిగిలాయి. పొగ లేదు, పైన తెల్లగా నివురు కట్టింది. పొగ పోయింది కదా, గది వెచ్చగా ఉంటుందని లోపలికి తెచ్చి తలుపేశాను. పొగ ఆగిన బొగ్గుల్లోంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు దండిగా వస్తుందని నాకు తెలీదు. వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. నివురు కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది, అదీ అంతసేపూ వస్తూనే ఉంటుంది.

గంటకల్లా నాకు కణతలు పిండేసినట్టు నొప్పి. మీ పెదనాన్నకి వికారం. తిన్నది పడలేదనుకున్నాం. వరండాలోకి వెళ్తే తల తేలికపడేది, లోపలికొస్తే మళ్ళీ మొదలు. రెండుసార్లు అలా అయినా నాకు తట్టలేదే! జ్వరం లేకుండా ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి రావడం, బయటికెళ్తే తగ్గడం, అదే దాని గుర్తు. మూడోసారి వచ్చేసరికి ఆయన గడప దగ్గర కూలబడి ఉన్నారు. తలుపు ఎదురుగానే ఉంది, లేవడానికి కాళ్ళలో సత్తువ లేదు. చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చాను.

ఆస్పత్రిలో వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెడితే 98 చూపించింది. బాగానే ఉందన్నారు. ఈ విషవాయువు రక్తానికి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఆ క్లిప్పుకి రెండిటికీ తేడా తెలీదు. కుంపటి మాట నేను చెప్పాకే రక్తపరీక్ష చేసి, ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మామూలు గాలిలో అది సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుందట. మాస్కుతో గంటా గంటన్నరలో సగం దిగుతుంది. అందుకే, ఎప్పుడైనా అలా అనిపిస్తే ముందు బయటికి నడువు. ఆస్పత్రిలో మొదటి మాటగా కుంపటి పేరు చెప్పు.

నువ్వు ఒట్టి మనిషివి కూడా కాదు తల్లీ. నీకు కాస్త తలనొప్పితో పోయేది, కడుపులో బిడ్డకి పెద్ద గండం కావచ్చు.

వంటయ్యాక నిప్పుల మీద బయటే నీళ్ళు పోసి, పుల్లతో కలిపి, పూర్తిగా చల్లారాకే ముట్టుకో. కార్బన్ మోనాక్సైడ్ అలారం నేనే తెస్తున్నాను, పొగ అలారం దీన్ని పసిగట్టదు. ఆదివారం వచ్చి నీ పడకగది దగ్గర బిగిస్తాను.

మీ పెద్దమ్మ