సిగరెట్ మానేశాక ఆకలి ఎందుకు పెరుగుతుంది?

సిగరెట్ మానేసి మూడు వారాలైంది. ఎంత తిన్నా ఇంకా ఏదో తినాలనిపిస్తోంది, ఎందుకిలా?

ప్రధాన కారణం నికోటిన్. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో 'కడుపు నిండింది' అని చెప్పే కణాలను అది ఉత్తేజపరుస్తుంది. శరీరం ఖర్చుచేసే శక్తిని కూడా కొంచెం పెంచుతుంది. మానేయగానే ఆ రెండూ పోతాయి. అంటే ఇన్నాళ్లూ అణిగి ఉన్న ఆకలే ఇప్పుడు బయటపడుతోంది. పైగా పొగవల్ల మొద్దుబారిన వాసన, రుచి తేరుకుంటాయి కాబట్టి అదే కూర ఇంకాస్త కమ్మగా అనిపిస్తుంది.

చాలామంది పట్టించుకోనిది అలవాటు సంగతి. భోజనం కాగానే సిగరెట్ వెలిగించేవారికి 'తినడం అయిపోయింది' అనే గుర్తు అదే. అది లేకపోతే భోజనం ముగిసినట్టే ఉండదు, చెయ్యి మళ్లీ గిన్నెవైపు వెళ్తుంది. తినగానే పళ్లు తోముకోవడమో, లేచి పది నిమిషాలు నడవడమో చేస్తే ఆ ముగింపు దొరుకుతుంది.

నిజమైన ఆకలి మెల్లగా పెరుగుతుంది, ఏది పెట్టినా తీరుతుంది. సిగరెట్ కోరిక హఠాత్తుగా వస్తుంది, సాధారణంగా కొన్ని నిమిషాల్లో తగ్గుతుంది. నికోటిన్ గమ్ వాడితే బరువు పెరగడం కాస్త వాయిదా పడుతుంది. ఎక్కువ బరువు పెరిగేది మొదటి మూడు నెలల్లోనే.