వార్నింగ్ ఇచ్చాక మేనేజరు రాసే ఉత్తరం: ఏ వాక్యం నిలుస్తుంది, ఏది బెడిసికొడుతుంది?

ప్రశ్న: మా విభాగంలో ఒక ఉద్యోగిని ప్రతి శుక్రవారం ఇవ్వాల్సిన స్టాక్ రిపోర్టు పదే పదే ఆలస్యమవుతుంటే, సంజాయిషీ తీసుకుని, పోయిన వారం రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చాం. ఆమె అంటే నాకు గౌరవం ఉంది. మేనేజరుగా విడిగా ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. మెత్తగా రాస్తే వార్నింగ్ నీరుగారిపోతుందా? గట్టిగా రాస్తే రెండోసారి శిక్షించినట్టవుతుందా? చివర్లో ‘చదివి అంగీకరించాను’ అని సంతకం తీసుకోవచ్చా?

సమాధానం: రాయండి. వార్నింగ్ పత్రం జరిగిపోయిన దాని గురించి చెప్పింది. మీ ఉత్తరం ఇకముందు జరగాల్సిన దాని గురించే చెప్పాలి. ఆ హద్దులో ఉన్నంతవరకు మీ మాట మెత్తగా ఉన్నా, గట్టిగా ఉన్నా నష్టం లేదు. చిక్కు తెచ్చేవి కొన్ని వాక్యాలే.

మొదటిది, మంచితనంతో రాసే వాక్యం: ‘ఇంతటితో ఈ విషయం మరిచిపోదాం.’ రెండు నెలల తర్వాత రిపోర్టులు మళ్లీ ఆలస్యమై, మీరు తదుపరి చర్యకు వెళ్తే, ఆమె తరఫు లాయరు ముందుగా చూపించేది ఈ వాక్యాన్నే. యాజమాన్యమే తప్పును క్షమించి వదిలేసిందని, వదిలేసిన దాన్ని మళ్లీ లెక్కలోకి తీసుకోకూడదని వాదిస్తారు. ‘వార్నింగ్ కేవలం లాంఛనం, పట్టించుకోకండి’ అన్నా అంతే.

రెండోది, కోపంతో కాకపోయినా అలవాటుగా చేర్చే వాక్యం: ‘అంతేకాక మీరు మీటింగులకు కూడా ఆలస్యంగా వస్తున్నారు.’ దీని గురించి మీరు ఆమెను సంజాయిషీ అడగలేదు. జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా మోపిన ఆరోపణ అవుతుంది. రెండో శిక్ష అన్న వాదనకు బలమిచ్చేది కూడా ఇలాంటి వాక్యమే. ఒకవేళ అది నిజమే అయినా ఈ ఉత్తరంలో దానికి చోటు లేదు.

మూడోది: ‘మళ్లీ జరిగితే ఉద్యోగం నుంచి తీసేస్తాం.’ ఇలా రాస్తే, రేపు జరగబోయే విచారణ ఫలితాన్ని ఈ రోజే తేల్చేసినట్టు. తర్వాత ఎంత పద్ధతిగా విచారణ జరిపినా, ముందే నిర్ణయించుకుని జరిపారన్న ఆక్షేపణ వెంటాడుతుంది. ‘నిబంధనల ప్రకారం తదుపరి చర్యను పరిశీలించాల్సి వస్తుంది, అప్పుడు మీ వివరణ వింటాం’ అంటే పరిణామం దాచినట్టూ కాదు, తీర్పు ముందే చెప్పినట్టూ కాదు.

ఇక రాయాల్సిన దాని సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 166వ సిఫారసు ఈ విషయంలో మంచి కొలబద్ద. పని సరిగా లేదన్న కారణంతో ఒకరిని తీసేయాలంటే, ముందు తగిన సూచనలు, రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి ఉండాలని, మెరుగుపడటానికి సహేతుకమైన గడువు గడిచాక కూడా పని సంతృప్తికరంగా లేకుండా ఉండాలని అది చెబుతుంది. సిఫారసు దానంతటదే చట్టం కాదు, మీ సర్వీసు నిబంధనలే మీకు ముందు. కానీ వివాదం వస్తే సాధారణంగా అడిగేవి ఈ ప్రశ్నలే. హెచ్చరిక మీరు ఇచ్చేశారు. సూచనలూ గడువూ ఈ ఉత్తరంలో రావాలి.

ఆమె సంజాయిషీలో ఏం చెప్పారో మీరు రాయలేదు. రాసే ముందు ఆ కాగితం మళ్లీ చదవండి, ఎందుకంటే మీరిచ్చే సహాయం అందులోంచే పుట్టాలి. రెండు సెక్షన్ల అంకెలు శుక్రవారం మధ్యాహ్నం దాకా తనకు అందడం లేదని, కొత్త సాఫ్ట్‌వేర్ ఎవరూ నేర్పలేదని ఆమె చెప్పారనుకుందాం. అప్పుడు ఉత్తరం ఇలా ఉండవచ్చు:

‘గౌరవనీయులైన ... గారికి,

ఈ నెల 3న మీకిచ్చిన వార్నింగ్ యథాతథంగా అమల్లో ఉంది. దానిపై అప్పీలు చేసుకునే మీ హక్కుకు ఈ ఉత్తరం అడ్డు కాదు. ఇది మరో చర్య కాదు. రాబోయే 8 వారాల్లో మీ నుంచి ఏం ఆశిస్తున్నామో, మా వైపు నుంచి ఏం చేస్తామో స్పష్టంగా చెప్పడానికే రాస్తున్నాను.

ప్రతి శుక్రవారం సాయంత్రం 5 గంటలలోపు స్టాక్ రిపోర్టు నాకు అందాలి. పంపే ముందు మొత్తాలను రిజిస్టరుతో సరిచూడాలి. ఏ సెక్షన్ నుంచైనా అంకెలు రాకపోతే శుక్రవారం మధ్యాహ్నం 12 లోపు నాకు మెయిల్ చేయండి. అలా తెలియజేసిన వారం, ఆ కారణంగా జరిగిన ఆలస్యాన్ని మీ లోపంగా లెక్కించము.

మీ సంజాయిషీలో చెప్పిన ఇబ్బందులను పరిశీలించాను. రెండు సెక్షన్లూ గురువారం సాయంత్రానికే మీకు అంకెలు పంపేలా ఆదేశమిచ్చాను. ఈ నెల 12, 13 తేదీల్లో రెండేసి గంటలు సాఫ్ట్‌వేర్ శిక్షణ ఏర్పాటు చేశాను. ప్రతి మంగళవారం ఉదయం 10 గంటలకు 20 నిమిషాలు కలుద్దాం. ఇంకేదైనా అవసరమైతే అప్పుడు అడగండి.

8 వారాల తర్వాత మీ పనిని కలిసి సమీక్షిద్దాం. అప్పటికీ మార్పు లేకపోతే నిబంధనల ప్రకారం తదుపరి చర్యను పరిశీలించాల్సి వస్తుంది. ఏ నిర్ణయమైనా మీ వివరణ విన్నాకే జరుగుతుంది.

ఇట్లు, ...’

ఇందులో మధ్యాహ్నం 12 గంటల మెయిల్ సంగతిని కాస్త గమనించండి. వేరే సెక్షన్ చేసిన ఆలస్యం ఆమె చేతిలో లేదు, దాన్ని మీకు ముందే చెప్పడం ఆమె చేతిలో ఉంది. ఉద్యోగి చేతిలో లేని ఫలితాన్ని షరతుగా పెడితే ఆ షరతు నిలవదు. ‘పనితీరు మెరుగుపరచుకోవాలి’, ‘బాధ్యతగా ఉండాలి’ లాంటి మాటలూ నిలవవు. మెరుగుపడిందో లేదో ఎవరు, దేనితో కొలుస్తారు? మీరిద్దరూ తెలియని మూడో మనిషి ఉత్తరం చదివి, 8 రిపోర్టులు చూసి, షరతు నెరవేరిందో లేదో తనంతట తాను చెప్పగలగాలి.

సహాయం విషయంలో మాత్రం చేయగలిగిందే రాయండి. నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో ఉత్తరం చక్కగా ఉంది, శిక్షణ ఇస్తామని రాశారు, తేదీ వేయలేదు, చివరికి ఇవ్వనూ లేదు. యాజమాన్యం దాఖలు చేసిన ఆ ఉత్తరమే ఉద్యోగికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యమైంది. శిక్షణ జరిగిన రోజు హాజరు సంతకం, మంగళవారం కలిసిన తర్వాత ఇద్దరికీ వెళ్లే రెండు వాక్యాల మెయిల్ ఉంటే చాలు. ఏదైనా వారం మీరే కలవలేకపోతే అదీ రాసి, మరో రోజు ఇవ్వండి.

‘అంగీకరించాను’ అన్న సంతకం వద్దు. అది ఒత్తిడితో తీసుకున్నదన్న వాదనకు దారి తీస్తుంది, పైగా వార్నింగ్‌పై అప్పీలు చేయాలనుకున్న మనిషిని ఇరుకున పెడుతుంది. ‘ఉత్తరం అందింది’ అని, తేదీ వేసి సంతకం తీసుకోండి. సంతకం చేయనంటే బలవంతం చేయకండి. ఆఫీసు మెయిల్‌కు పంపి, కాపీ హెచ్‌ఆర్‌కు మాత్రం పెట్టండి. తోటి ఉద్యోగులను ఆ మెయిల్‌లో చేర్చవద్దు. సెక్షన్లకు మీరిచ్చే ఆదేశంలో కూడా అంకెలు గురువారానికి కావాలని ఉంటే చాలు, వార్నింగ్ ప్రస్తావన అక్కర్లేదు.

పంపే ముందు ఒక పని చేయండి. మీ సర్వీసు నిబంధనల్లో వార్నింగ్ ఎంతకాలం అమల్లో ఉంటుందో, అప్పీలుకు ఎన్ని రోజులు గడువుందో చూడండి. మీ 8 వారాలు ఆ వార్నింగ్ కాలం లోపలే ముగియాలి. అప్పీలు గడువు ఇంకా ఉంటే, దాని చివరి తేదీని ఉత్తరం మొదటి పేరాలోనే చేర్చండి.