ఏడాదిగా ఆర్డర్ లేని పాత కస్టమరుకు మెసేజ్ ఎలా పెట్టాలి?

ప్రశ్న: నాది నారాయణపేట. హైదరాబాద్‌లో ఒక బొటిక్ మేడం రెండేళ్లు మా దగ్గరే చీరలు తీసుకుంది. ఏడాదిగా ఫోన్ లేదు, మెసేజ్ లేదు. మళ్లీ పలకరించాలని ఉంది, కానీ దెప్పినట్టు అనిపించకూడదు. ఏం రాయాలి?

జవాబు: నేను గద్వాల నుంచి బొటిక్‌లకు చీరలు వేస్తాను. నాకూ ఇలాంటి మేడం ఒకరు ఉండేవారు. ఏడాది పలకకుండా ఉన్న మనిషికి ఆ సంగతి మనకంటే ఎక్కువ గుర్తుంటుంది. అందుకే ఆమె సంజాయిషీ చెప్పుకోవాల్సిన మాట ఒక్కటి కూడా ఉండకూడదు. "చాలా రోజులైంది", "మా మీద కోపమా" సరే, "అంతా బాగేనా, ఫోనే లేదు" అని ప్రేమగా అడిగినా ఆమె కారణం వెతుక్కోవాలి. కారణం చెప్పడం ఇబ్బందైతే మెసేజ్ చూసి పక్కన పెట్టేస్తుంది.

నేను పంపింది ఇదీ:

"మేడం నమస్తే, గద్వాల చీరల వాళ్లం. మీరు ఇంతకు ముందు తీసుకున్న ముదురాకుపచ్చ సికో చీర, ఎర్ర అంచుది, ఈసారి చిన్న బార్డరుతో నేయిస్తున్నాం. రెండు ఫొటోలు పెట్టాను. శ్రావణానికి మీ రంగుల్లో కావాలంటే 20వ తేదీలోపు చెప్పండి, తర్వాత పడుగు ఎక్కించేస్తారు. ఇప్పుడు వద్దనుకుంటే దసరా ముందు ఫొటోలు పంపమంటారా?"

తేదీ పెట్టడం ఒత్తిడి కాదా అంటే, కారణం నిజమైతే కాదు. పడుగు మగ్గం మీదికి ఎక్కాక ఒంటి రంగు మార్చలేం, ఆ సంగతి చీరల వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఉత్తుత్తి తేదీ పెడితే మాత్రం ఇట్టే కనిపెడతారు. చివరి ప్రశ్నకు "సరే" అన్న ఒక్క మాట చాలు, అది ఆమెకు తేలిక.

మొదటి మెసేజ్‌లోనే ధర తగ్గిస్తాననకండి. బతిమాలినట్టు ఉంటుంది, ఆ కోత చివరికి నేతన్న కూలీ మీద పడుతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపినా లాభం లేదు. మన నంబరు ఆమె ఫోన్‌లో సేవ్ అయి లేకపోతే అది చేరదు. విడిగా పంపండి, పేరు, ఊరు రాయండి.

ఆమె మీకేమైనా బాకీ ఉందా, ముందు ఖాతా పుస్తకం తిరగేయండి. ఉంటే మౌనానికి కారణం అదే కావచ్చు. అప్పుడు చీరల ఫొటోలు, బాకీ లెక్క ఒకే రోజు పంపొద్దు. ఫొటోలు ఎర వేసినట్టు కనిపిస్తాయి. లెక్క విడిగా పంపి, విడతలుగా కట్టినా సరేనని రాయండి.

నాకు మొదట జవాబు రాలేదు. నీలం టిక్కులు కనిపించినా ఆ ఊసెత్తలేదు. దసరా ముందు కొత్త ఫొటోలతో ఇంకొక్కసారి పంపాను. "చిన్న బార్డరువి నాలుగు పంపండి" అని వచ్చింది. షాపు సగానికి తగ్గించుకున్నానని తర్వాతెప్పుడో ఆమే చెప్పారు, నేను అడగలేదు. రెండోసారికీ పలకకపోతే మూడోది పంపేవాణ్ని కాదు.