స్క్రిప్టు చదువుతూనే లెన్సు వైపు చూడడం

ప్రశ్న: కావలి దగ్గర రొయ్యల సాగుపై ఫోనులో వీడియోలు చేస్తున్నాను. టెలిప్రాంప్టర్ యాప్‌లో చదువుతుంటే చూపు పక్కకు పోతున్నట్లు తెలిసిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: చూపు ఎంత తప్పినట్లు కనిపిస్తుందనేది లెన్సుకూ చదివే వరుసకూ మధ్యనున్న ఎడంపైనే కాక, మీరు ఫోనుకు ఎంత దూరంలో ఉన్నారన్న దానిపైన కూడా ఆధారపడుతుంది. అక్షరాలు లెన్సుకు 4 సెంటీమీటర్ల కింద ఉన్నాయనుకుంటే, అర మీటరు దూరం నుంచి చదివినప్పుడు చూపు సుమారు 4.5 డిగ్రీలు దిగుతుంది, అదే 1.5 మీటర్ల నుంచి చదివితే 1.5 డిగ్రీలే దిగుతుంది కనుక చూసేవారు దాదాపు గమనించలేరు.

అందువల్ల ఫోనును కంటి ఎత్తున స్టాండుకు బిగించి, యాప్‌లో అక్షరాలను పెద్దవి చేసి, వరుసకు మూడు నాలుగు మాటలే వచ్చేలా పెట్టెను ఇరుకుగా, లెన్సుకు ఆనుకొని ఉంచండి. ఫోనును అడ్డంగా తిప్పితే లెన్సు ఒక పక్కకు చేరుతుంది కాబట్టి పెట్టెను కూడా ఆ పక్కకే జరపాలి. దూరం పెరిగితే చెరువు గట్టున ఏరేటర్ల మోత మాటను మింగేస్తుంది కనుక కాలర్ మైకు తప్పనిసరి.

తీసిన వీడియోను శబ్దం ఆపి చూడండి: కళ్లు అటూఇటూ ఊగుతుంటే వరుసలు ఇంకా కుదించాలి, నిలకడగా ఉండి కిందికి చూస్తున్నట్లుంటే మరికొంత వెనక్కి జరగాలి.