గైడ్ దగ్గరికి వెళ్లేముందు ఆ ఒక్క పేజీ

తమ్ముడూ,

నీ షార్ట్ ఫిల్మ్ ప్రాజెక్ట్ కోసం నువ్వు పంపిన ఒక్క వాక్యం లాగ్‌లైన్, ఒక్క పేజీ కథ సినాప్సిస్ రెండూ చదివాను. కథలో సరుకుంది, అది పేజీ మీదికి రాలేదు. ఇది ఇలాగే పట్టుకెళ్తే గైడ్ "బాగుంది, ఇంకొంచెం వర్క్ చెయ్యి" అని పంపించేస్తారు. ఎక్కడ చెయ్యాలో ఆయన కూడా చెప్పలేరు, ఎందుకంటే ఇందులో ఆయన వేలుపెట్టి చూపించడానికి ఏమీ లేదు.

ముందు లాగ్‌లైన్ సంగతి చూద్దాం. నువ్వు రాసింది ఇది: "వయసు మీదపడుతున్న ఒక వాచీ మెకానిక్ ఒంటరితనాన్ని, కాలంతో అతని పోరాటాన్ని, గురుశిష్య బంధంలోని లోతును ఆవిష్కరించే కథ." ఇందులో కెమెరా ముందు పెట్టగలిగేది ఏదైనా ఉందేమో చూడు. వాచీ మెకానిక్ ఒక్కడే ఉన్నాడు, వాడు కూడా ఊరికే కూర్చున్నాడు. ఒంటరితనం, పోరాటం, లోతు అనేవి సినిమా చూశాక ప్రేక్షకుడు అనుకోవాల్సిన మాటలు, నువ్వు ముందే అనేస్తే ఎలా? "ఆవిష్కరించే", "ప్రతిబింబించే" లాంటి మాటలు లాగ్‌లైన్‌లో కనిపిస్తే అక్కడ కథ బదులు థీమ్ రాశావని అర్థం.

ఒక కాగితం తీసుకుని నాలుగు సంగతులు రాసుకో. మనిషి ఎవరు, వాడి మామూలు రోజుని చెడగొట్టింది ఏంటి, ఇప్పుడు వాడు ఎప్పటిలోగా ఏం చెయ్యాలి, దానికి అడ్డం ఏంటి. పేరు వద్దు, "రామారావు" అంటే చదివేవాడికి ఏమీ తెలియదు, "చేతులు వణుకుతున్న వాచీ మెకానిక్" అంటే సగం కథ తెలిసిపోతుంది. అడ్డం మాత్రం ఆ మనిషి లోపాన్నో, వాడు చేసిన పనినో వెతుక్కుంటూ రావాలి. కరెంటు పోయింది, వాన పడింది లాంటి అడ్డాలు ఎవరి కథలోనైనా పడతాయి.

నీ కథలో అసలు అడ్డం ఎక్కడుందో తెలుసా? సినాప్సిస్ మూడో పేరాలో, ఒక వాక్యం చివర దాక్కుని ఉంది. వణికే చేత్తో వాచీ లోపలి స్ప్రింగ్ వంచేసింది ఈయనే, కానీ నేరం శిష్యుడి మీద వేసి పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు ఆ వాచీ బాగుచెయ్యగలిగిన చెయ్యి ఆ శిష్యుడిది ఒక్కటే. నువ్వు దీన్ని ఏదో చిన్న వివరంలా రాసి వదిలేశావు! నీ సినిమా మొత్తం ఇదే. దీన్ని పైకి తెస్తే లాగ్‌లైన్ ఇలా వస్తుంది:

"చేతులు వణుకుతున్న సంగతి దాచుకున్న వాచీ మెకానిక్, తాను పాడుచేసిన వాచీ నేరం శిష్యుడి మీద వేసి గెంటేస్తాడు, తెల్లారేలోగా అది బాగుపడాలంటే ఆ శిష్యుడి దగ్గరికే వెళ్లి నిజం ఒప్పుకోవాలి."

పాతిక మాటల లోపే ఆగింది చూడు. ఇంగ్లిష్‌లో పాతిక నుంచి ముప్ఫై అయిదు దాకా వాడతారు, మనకి విభక్తులన్నీ మాటలోనే కలిసిపోతాయి కాబట్టి పాతిక దాటితే అనుమానించు. ముగింపు ఇందులో చెప్పలేదు, వెళ్తాడా లేదా అన్న ప్రశ్న దగ్గర వదిలేశాం, లాగ్‌లైన్‌కి అంతే చాలు. ఇది ఒక ఫ్రెండ్‌కి ఒక్కసారి చదివి వినిపించి, ఓ గంట తర్వాత కథేంటో వాణ్నే చెప్పమను. శిష్యుడి సంగతి వదిలేసి చెప్పాడంటే వాక్యంలో బరువు తప్పు చోట పడిందన్నమాట, మాటల వరస మార్చు.

ఇక సినాప్సిస్. ఇక్కడ నువ్వు చేసిన పెద్ద పని ఏంటంటే చివర్లో "ఆ రాత్రి ఏం జరిగిందన్నదే మిగతా కథ" అని ఆపేశావు. గైడ్ టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుడు కాదు, ఆయన దగ్గర సస్పెన్స్ ఎందుకు? నీకు ముగింపు తెలుసో లేదో చూడటానికే ఆయన ఆ పేజీ అడిగేది. దాచావంటే నీకే తెలీదని అనుకుంటారు, చాలాసార్లు అది నిజం కూడా. నువ్వు ఫోన్‌లో చెప్పిన ముగింపు చక్కగా ఉంది: పొద్దున్న వాచీ కోసం వచ్చినాయన "మీ చెయ్యి పడితే తిరుగులేదండీ" అంటే, ముసలాయన ఆ మెప్పు తీసుకోకుండా కుర్చీలో కూర్చున్న శిష్యుణ్ని చూపిస్తాడు. అదే రాయి, ఉన్నదున్నట్టు.

నిజంగా కష్టపడాల్సింది మధ్యలో. నీ పేజీలో మొదటి సగం ఆయన గతం, భార్య పోవడం, షాపు పెట్టిన రోజులు. చివర నాలుగు లైన్లు. మధ్యలో "ఎన్నో ప్రయత్నాలు చేసి విఫలమవుతాడు" అని ఒకే ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యమే పన్నెండు నిమిషాల సినిమాలో ఆరు నిమిషాలు! ఆ ప్రయత్నాలు ఏంటో ఒక్కొక్కటీ రాయి. తనే కూర్చుంటాడు, చెయ్యి వణికి చిన్న స్క్రూ కిందపడుతుంది, వెతుకుతాడు. అందుకని మోచెయ్యిని బల్లకి గుడ్డతో కట్టుకుంటాడు, స్ప్రింగ్ ఇంకా వంగుతుంది. అందుకని ఇంకో షాపతనికి ఫోన్ చేస్తాడు, కానీ "మీ చేతికి ఏమైంది?" అని అతను అడగ్గానే పెట్టేస్తాడు. ఇప్పుడు శిష్యుడి ఇంటికి తప్ప వెళ్లడానికి ఇంకో దారి లేదు. ఒక సంఘటనకీ ఇంకోదానికీ మధ్య "అందుకని" కానీ "కానీ" కానీ పడాలి. "ఆ తర్వాత" అని తప్ప కలపలేకపోతే ఆ రెండిట్లో ఒకటి తీసేసినా కథకి ఏమీ కాదు, తీసెయ్యి.

భార్య పోవడం నాకూ నచ్చింది, కానీ అది ఈ సినిమాలో లేదు. ఇలాంటివి మనసు చంపుకుని కొట్టెయ్యాలి.

రాసే తీరులో పెద్దగా చెప్పేదేం లేదు. వర్తమాన కాలంలో రాయి, డైలాగులు వద్దు (పైన నేను రాసినవి నీకు అర్థం కావడానికి), షాట్ల పేర్లు వద్దు, ఫ్లాష్‌బ్యాక్ ఉంటే అది లేకుండా ఓసారి చదివి చూడు. పేజీ పైన టైటిల్, నిడివి, లాగ్‌లైన్. అక్షరాలు చిన్నవి చేసి ఒక పేజీలో ఇరికించకు, ఆ ట్రిక్కు గైడ్‌లందరికీ తెలుసు.

ఆయన ఇంకోటి కూడా చూస్తారు, నువ్వది తీస్తావా తీయలేవా అని. అందుకే పేజీ అయ్యాక లొకేషన్లు లెక్కపెట్టు. నీకిప్పుడు షాపు, వీధి, శిష్యుడి ఇల్లు, హాస్పిటల్ ఉన్నాయి. హాస్పిటల్ ఎందుకు? చెయ్యి వణుకుతోందని డాక్టర్ చెప్పక్కర్లేదు, కిందపడ్డ స్క్రూ చెప్పేసింది. అది తీసేస్తే ఒక పర్మిషన్, ఒక రోజు షూటింగ్ మిగిలినట్టే.

గైడ్ ముందు కూర్చున్నాక "అంటే సార్, అసలు ఏంటంటే..." అని నువ్వు మొదలుపెట్టే ప్రతి మాటా పేజీలో ఉండాల్సింది. ఎదురుగా ఉంటే నోటితో సర్దేస్తావు, కమిటీలో మిగతావాళ్లు చదివేటప్పుడు నువ్వు పక్కన ఉండవు కదా.

ఆదివారం లోపు సినాప్సిస్ ఒక్కటే తిరగరాసి పంపు, పైన లాగ్‌లైన్ పెట్టకు. అది చదివి లాగ్‌లైన్ నేను మళ్లీ కొత్తగా రాస్తాను. అందులో శిష్యుడి మీద వేసిన నేరం దానంతటదే వస్తే అపాయింట్‌మెంట్ తీసుకో, రాకపోతే మధ్య పేరా ఇంకోసారి చూద్దాం.

— అన్న