ఇంటర్‌ఫెరోమీటర్‌లో 100 రింగులు లెక్కపెడితే తరంగదైర్ఘ్యం ప్రతిసారీ ఎందుకు మారుతోంది?

ప్రశ్న: మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్‌తో సోడియం లైటు తరంగదైర్ఘ్యం కొలుస్తున్నాం. 100 రింగులు లెక్కపెడితే ఒకసారి 632 నానోమీటర్లు వచ్చింది, ఇంకోసారి 560. రావాల్సింది 589 కదా. తప్పు స్క్రూలో ఉందా, మా లెక్కలో ఉందా?

జవాబు: నా అంచనా ప్రకారం 632కి కారణం స్క్రూ, 560కి కారణం లెక్క. డిగ్రీ ల్యాబ్‌లో ఈ ప్రయోగం చాలా బ్యాచ్‌లతో చేయించాను. ఎక్కువగా కనబడేవి ఈ రెండే. ఏది ఏదో తేల్చాలంటే మొదటి రీడింగు, చివరి రీడింగు మాత్రమే రాసుకుంటే కుదరదు. ప్రతి 20 రింగులకు ఒకసారి ఆగి స్క్రూ రీడింగు రాయండి.

అద్దం d దూరం జరిగితే కాంతి వెళ్లి వెనక్కి రావాలి కాబట్టి దారి 2d మారుతుంది. అందుకే N రింగులు మాయమైతే తరంగదైర్ఘ్యం λ = 2d/N. సోడియంకి ఒక్క రింగు మాయమవడానికి అద్దం సుమారు 0.295 మైక్రాన్లు జరిగితే చాలు, అంటే 20 రింగులకు 5.9 మైక్రాన్లు. ఫైన్ స్క్రూ మీద ఒక గీత 0.1 మైక్రాన్ (0.0001 మి.మీ.) అయితే ఈ తేడాలు బాగానే తెలుస్తాయి.

ఉదాహరణకి 0, 20, 40, 60, 80, 100 రింగుల దగ్గర రీడింగులు వరసగా 0, 8.1, 14.0, 19.8, 25.8, 31.6 మైక్రాన్లు అనుకుందాం. మొత్తం మీద కడితే 2 × 31.6 / 100, అంటే 632 నానోమీటర్లు. మీకొచ్చిందీ అదే. కానీ తేడాలు చూడండి: 8.1, 5.9, 5.8, 6.0, 5.8. మొదటిది ఒక్కటే పెద్దది. స్క్రూ తిరిగింది గానీ దాని పళ్ల మధ్య సందు పూడేదాకా అద్దం కదల్లేదు. వైవాలో అడిగే బ్యాక్‌లాష్ ఇదే. ఆ మొదటి 20 వదిలేస్తే 80 రింగులకు 23.5 మైక్రాన్లు, తరంగదైర్ఘ్యం 587.5. రీడింగులు మళ్లీ తీసుకోనక్కర్లేదు.

ఇది రాకుండా ఉండాలంటే స్క్రూని ముందే ఒక వైపు తిప్పుతూ వెళ్లి, రింగులు ఆగకుండా కదలడం మొదలయ్యాక అప్పుడు సున్నా రింగు పెట్టుకోండి. ఆ తర్వాత అదే వైపు తిప్పాలి. "అయ్యో, ఒక రింగు ఎక్కువ పోయింది" అని వెనక్కి తిప్పారంటే ఆ సెట్ అక్కడితో అయిపోయినట్టే.

ఇక 560. తేడాలు 5.9, 5.6, 5.9, 5.3, 5.3 లాగా ఉంటే మొత్తం 28.0 వస్తుంది, అదే 560. ఇక్కడ 5.6 అంటే ఒక రింగు తక్కువ జరిగింది, 5.3 అంటే రెండు తక్కువ. మొత్తం మీద నిజంగా మాయమైనవి 95, మీరు లెక్కపెట్టినవి 100. టేబుల్‌కి ఎవరో తగిలినా, తలుపు గట్టిగా పడినా రింగు సగం లోపలికి పోయి మళ్లీ బయటికి వస్తుంది. దాన్ని రెండుసార్లు లెక్కేస్తాం. తేడా 6.2 వస్తే దానికి తలకిందులు, ఒక రింగు చూడకుండా వదిలేశారని. మధ్య చీకటి చుక్క పూర్తిగా నల్లబడినప్పుడే ఒకటి అని లెక్కపెట్టండి, సగం మసకబారితే కాదు. ఒకరు స్క్రూ తిప్పుతూ ఇంకొకరు రింగులు చూస్తూ పైకి లెక్కపెడితే సగం టెన్షన్ పోతుంది.

100 బదులు 1000 లెక్కపెడితే ఇంకా కచ్చితంగా వస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. సోడియంతో అక్కడ ఒక చిక్కుంది. దాని పసుపు కాంతి ఒకటి కాదు, 589.0, 589.6 అని రెండు. అద్దం ప్రతి 0.29 మి.మీ. జరిగేసరికి ఒకదాని వెలుగు గీతలు రెండోదాని చీకటి గీతల మీద పడి రింగులు దాదాపు కనబడకుండా పోతాయి. అది సుమారు 980 రింగుల దూరం, కాబట్టి 1000 లెక్కపెట్టాలంటే మధ్యలో ఒకసారి మసక భాగం దాటక తప్పదు. 100 రింగులకు 0.03 మి.మీ. మాత్రమే జరుగుతాం. రింగులు బాగా స్పష్టంగా ఉన్న చోట మొదలుపెడితే ఈ గొడవ రాదు. మైకెల్సన్ కూడా 1892-93లో పారిస్ దగ్గర సెవ్ర్‌లో మీటరుని కాంతి తరంగాలతో కొలిచినప్పుడు సోడియం కాకుండా కాడ్మియం ఎరుపు గీతని వాడాడు.

తేడాలన్నీ సమానంగా ఉండి కూడా, అంటే ప్రతి 20కి 6.3 చొప్పున వచ్చి, జవాబు 630 దగ్గరే నిలబడితే అది పై రెండూ కాదు. మీ స్క్రూ గీత నిజంగా 0.1 మైక్రాన్ కాదన్నమాట. అప్పుడు హీలియం నియాన్ లేజర్ పెట్టి రింగులను తెర మీద పడనివ్వండి, కంటితో నేరుగా మాత్రం చూడొద్దు. దాని తరంగదైర్ఘ్యం 632.8 అని తెలుసు కాబట్టి 100 రింగులకు అద్దం 31.6 మైక్రాన్లు జరగాలి. స్క్రూ 33.8 చూపిస్తే మీ సోడియం రీడింగులన్నిటినీ 31.6/33.8తో గుణించుకోండి.